కిరాయి బాకీకి నోటీసు: కట్టే గడువు, ఖాళీ చేసే తేదీ, అడ్వాన్స్ సంగతి ఎలా రాయాలి?

ప్రశ్న (హనుమకొండ)
అందరికీ నమస్తే. అమ్మ పేరు మీద ఉన్న ఇంట్లో పై పోర్షన్ కిరాయికి ఇచ్చాం. నెలకు 8,500, ఏ నెలది ఆ నెల 5వ తేదీలోపు ఇవ్వాలి. అడ్వాన్స్ 17,000. ఇల్లు కట్టింది 2016లో. 11 నెలల అగ్రిమెంట్ జూన్‌లో అయిపోయింది, మళ్లీ రాసుకోలేదు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు కిరాయి రాలేదు. నవంబరు 20న 4,000 ఫోన్‌పే చేశాడు, అంతే. అతని పని పోయిందని తెలిసి ఇన్నాళ్లూ గట్టిగా అడగలేదు. కానీ అమ్మ మందులకు ఆ కిరాయే ఆధారం. జనవరి 2న నోటీసు ఇద్దామని ఇలా రాశాను:

"మూడు నెలలది, జనవరిది కలిపి 34,000 బాకీ. 15 రోజుల్లో కట్టాలి లేదా ఖాళీ చేయాలి. అడ్వాన్స్ పోను మిగతాది ఇవ్వాలి."

సరిపోతుందా?

కరీంనగర్ నుంచి
అన్నా, టెన్షన్ పడకు. నోటీసు వచ్చినంత మాత్రాన సామాను బయట పడేయలేరు. నాకు రెండేళ్ల కింద ఇట్లనే అయింది. రెండు నెలలు ఆగిందని ఓనర్ నీళ్ల మోటార్ బంద్ పెట్టాడు. చిన్నపిల్లతో నాలుగు రోజులు కింది నుంచి బకెట్లు మోసుకున్నాం. నువ్వు వీడియో తీసి పెట్టుకో.

హనుమకొండ
అన్నా, నేను ఓనర్ వైపు నుంచి అడుగుతున్నా. అయినా చెప్పింది మంచిదే. మోటార్, కరెంటు జోలికి మేం పోం.

కాజీపేట నుంచి
రెంట్ కంట్రోల్ చట్టం చూసుకోండి. నెల కిరాయికి మించి అడ్వాన్స్ తీసుకోవద్దని అందులో ఉంది, మీరు రెండు నెలలది తీసుకున్నారు. ఇంకోటి, నోటీసు గడువు నెలాఖరు రోజునే ముగియాలి, లేకపోతే చెల్లదు. మా మామయ్య కేసు అందుకే కొట్టేశారు.

వరంగల్ వకీలు
ఇరవై ఏళ్లుగా సివిల్ కేసులే చూస్తున్నాను. కాజీపేట వారు చెప్పిన అడ్వాన్స్ నిబంధన 1960 చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన కిరాయికి, కట్టి 15 ఏళ్లు నిండని ఇంటికి ఆ చట్టం వర్తించదు. వీరికి వర్తించేది ఆస్తి బదిలీ చట్టం, 106వ సెక్షన్. అగ్రిమెంట్ అయిపోయాక కూడా కిరాయి తీసుకుంటూ వచ్చారు కనుక ఇది నెల నెలా సాగే కిరాయిదారీ. దాన్ని ముగించడానికి 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నెలాఖరుతో ముగియాలన్న నియమం 2002 సవరణతో పోయింది. మీ మామయ్య గారిది అంతకు ముందు కేసు అయి ఉండాలి.

ఇక మీరు రాసిన నోటీసు. 34,000 అంకె తప్పు. ఆయన పంపిన 4,000 మీరు తీసేయలేదు. జనవరి కిరాయికి 5వ తేదీ దాకా సమయం ఉంది, 2వ తేదీన అది బాకీ కాదు. మూడు నెలలది 25,500, అందులో 4,000 పోను 21,500. ఈ లెక్క తప్పితే అవతలి వకీలు మొదట పట్టుకునేది దీన్నే.

తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త. "కట్టాలి లేదా ఖాళీ చేయాలి" అంటే మీరు కిరాయిదారీ ముగించారా, బాకీ మాత్రమే అడిగారా అన్నది తేలదు. ముందు ముగిస్తున్నానని చెప్పండి, తర్వాత అవకాశం ఇవ్వండి. 15 రోజులు లెక్కించేది మీరు రాసిన రోజు నుంచి కాదు, ఆయనకు అందిన రోజు నుంచి. 3న పోస్టు చేస్తే 6న అందిందనుకోండి. 6ను వదిలేసి 7ను మొదటి రోజుగా లెక్కపెడితే 15వ రోజు 21. మధ్యలో సంక్రాంతి ఉంది, పోస్టు ఆలస్యం కావచ్చు. అందుకని "15 రోజుల్లో" అని వదిలేయకుండా తేదీలే వేయండి. నేనైతే ఇలా రాస్తాను:

"అక్టోబరు, నవంబరు, డిసెంబరు 2025 కిరాయి 25,500. మీరు 20-11-2025న పంపిన 4,000 అక్టోబరు కిరాయికి జమ చేశాను. ఈ రోజుకు బాకీ 21,500. మీ కిరాయిదారీని 31-1-2026తో ముగిస్తున్నాను. ఆ రోజు సాయంత్రం 6 గంటలలోపు ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించాలి. అయితే 24-1-2026 శనివారంలోపు 21,500 పూర్తిగా నా ఖాతాలో చేరితే ఈ నోటీసును వెనక్కి తీసుకుంటాను. జనవరి కిరాయి 8,500 ఎప్పటిలాగే 5వ తేదీలోపు విడిగా ఇవ్వాలి."

కింద అమ్మగారి సంతకం ఉండాలి. మీరు పెట్టాలంటే అమ్మగారి తరఫున అని రాసి పెట్టాలి.

హనుమకొండ
చాలా థ్యాంక్స్ సార్. అడ్వాన్స్ సంగతి?

నర్సంపేట నుంచి
నాకొక డౌట్. 17,000 మీ దగ్గరే ఉంది కదా. అది పోతే ఆయన బాకీ 4,500 మాత్రమే. దానికి ఇల్లు ఖాళీ చేయమంటారా? పిల్లలు స్కూల్ మధ్యలో ఉన్నారు. నాకైతే న్యాయంగా అనిపించట్లేదు.

వరంగల్ వకీలు
అక్కా, మీ బాధ అర్థమైంది. కిరాయిదారు వకీలు కోర్టులో అనబోయేది కూడా అదే. అందుకే "అడ్వాన్స్ పోను మిగతాది" అన్న మాట వద్దంటున్నాను. ఆ ఒక్క ముక్కతో ఓనరే అడ్వాన్స్‌ను బాకీలో సర్దేసినట్టవుతుంది, ఇక 21,500 అడగడానికి ఆధారం ఉండదు. అడ్వాన్స్ గురించి అగ్రిమెంట్‌లో ఏం రాశారు?

హనుమకొండ
"ఖాళీ చేసినప్పుడు తిరిగి ఇవ్వబడును" అని ఉంది సార్. వేరే ఏం లేదు.

వరంగల్ వకీలు
మంచిదే. ఆ మాట ప్రకారం అది ఖాళీ చేసే రోజు లెక్క. నోటీసులో విడిగా ఒక పేరా పెట్టండి: "అడ్వాన్స్ 17,000 నా దగ్గర ఉంది. పై బాకీలో సర్దలేదు. తాళాలు అప్పగించిన రోజు మిగిలిన కిరాయి, మీ మీటర్ కరెంటు బిల్లు అందులోంచి మినహాయించి లెక్క చూపిస్తాను." ఆయన ఏమీ కట్టకుండా 31న వెళ్లిపోతే 21,500కు జనవరి 8,500 కలిపి 30,000. అడ్వాన్స్ తీసేస్తే 13,000, పైన కరెంటు బిల్లు. గోడల రంగు పాతబడిందని కోతలు పెట్టకండి, అది వాడకంలో వచ్చే అరుగుదల.

జడ్జి గారు అడ్వాన్స్ సర్దితే బాకీ తక్కువే కదా అంటే? అనొచ్చు. ఆ వాదన వచ్చినా కిరాయిదారీని ముగించడానికి 106 కింద బాకీ కారణమే అక్కర్లేదు, నోటీసు సరిగ్గా ఉంటే చాలు. కాకపోతే కేసు సాగుతుంది.

పరకాల నుంచి
వాట్సాప్‌లో ఫొటో పెడితే సరిపోదా? రెండు నీలం టిక్కులు వస్తాయి కదా.

వరంగల్ వకీలు
వాట్సాప్ కూడా పెట్టండి, దాని మీదే ఆధారపడకండి. స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో, అందినట్టు రుజువు వచ్చేలా పంపి రసీదు దాచుకోండి. ఇంకో కాపీ చేతికిచ్చి రెండో కాపీ మీద సంతకం, తేదీ తీసుకోండి. ఇంట్లో వాళ్ల చేతికిచ్చినా చెల్లుతుంది.

చాలామంది పొరపాటు చేసేది దీని తర్వాత. ఫిబ్రవరి మొదట్లో ఆయన 8,500 ఫోన్‌పే చేస్తాడు, మీరు ఊరుకుంటారు. నోటీసును మీరే వదులుకున్నారనడానికి అది చాలు. డబ్బు వచ్చిన రోజే "దీన్ని పాత బాకీకి జమ చేశాను, నోటీసు అలాగే అమల్లో ఉంది" అని మెసేజ్ పెట్టండి. అన్నిసార్లూ ఇదే కాపాడుతుందని చెప్పలేను, కానీ ఊరుకోవడం కన్నా మేలు.

31 తర్వాత కూడా ఉంటే దారి సివిల్ కోర్టే, తాళం వేయడం కాదు. అంతకన్నా ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే ఇద్దరినీ పిలిచి మాట్లాడతారు, ఫీజు ఉండదు. పని పోయిన మనిషి కనుక మీకు అదే నయం కావచ్చు.

హనుమకొండ
నోటీసు ఇచ్చేశాం సార్. 3న పోస్టు చేశాం, అదే రోజు సాయంత్రం చేతికి కూడా ఇచ్చాం. వాళ్ల ఆవిడ సంతకం చేసింది. రాత్రి ఆయన పైకి పిలిచి, 15న 10,000 ఇస్తా, మిగతాది ఫిబ్రవరిలో ఇస్తా అన్నాడు. అమ్మ ఒప్పుకుందామంటోంది. సగం తీసుకుంటే 24వ తేదీ గడువు ఏమవుతుంది?

వరంగల్ వకీలు
తీసుకోండి. కానీ మిగతా 11,500కు కొత్త తేదీ వేసి, నోటీసు నిలిచే ఉందని రాసి, ఇద్దరూ సంతకాలు చేయండి. మాటతో ఒప్పుకుంటే 24 అన్న తేదీకి అర్థం పోతుంది.

నర్సంపేట నుంచి
ఆ కాగితంలో ఫిబ్రవరి 28 అని వేయండి తమ్ముడూ. పని దొరకడానికి ఆ మాత్రం కావాలి.

హనుమకొండ
అక్కా, అమ్మతో మాట్లాడి చెప్తాను. 28 అంటే మాకూ కష్టమే.