పాత తేదీ చెక్కు, ముందు తేదీ చెక్కు: ఎప్పుడు జమ చేయాలి?

నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లె. కొబ్బరికాయలు కొన్న వ్యాపారి మా నాన్నగారికి రెండు చెక్కులు ఇచ్చారు. మొదటిదానిపై ఎనిమిది గళ్లలో 14112025 అని ఉంది. నాన్నగారు దాన్ని భూమి పాసుపుస్తకంలో పెట్టి మరచిపోగా, ఈ రోజు, అంటే 2026 ఫిబ్రవరి 11 బుధవారం, నా కంటబడింది.

2012 ఏప్రిల్ నుంచి చెక్కు గడువు, దానిపై వేసిన తేదీ మొదలు 3 నెలలని నాకు తెలుసు. పొరుగువారు 90 రోజులంటున్నారు. అలా లెక్కిస్తే రేపటితోనే సరి. నెలల లెక్కన చూసినా 14వ తేదీ రెండో శనివారం, బ్యాంకు సెలవు, కనుక శుక్రవారమే మిగులుతుంది. గడువులోగా చెక్కు మా శాఖలో ఇస్తే చాలదని, వ్యాపారి ఖాతా ఉన్న బ్యాంకుకు చేరాలని విన్నాను. రేపు ఉదయమే ఇస్తే సమయానికి చేరుతుందా? గడువు దాటితే, వ్యాపారి తేదీ దిద్ది పూర్తి సంతకం చేసిన చెక్కును బ్యాంకువారు తీసుకుంటారా, లేక కొత్త చెక్కే అడగాలా?

రెండోది 16032026 తేదీది. ముందే వేస్తే తిరిగి వస్తుందని దాచి ఉంచాను. దాని 3 నెలలు ఆ తేదీ నుంచే మొదలవుతాయి కదా? బ్యాంకు పని తెలిసినవారు దయచేసి ఈ రాత్రికే చెప్పగలరు.