కెమెరాను పిక్సెల్‌కు కట్టేయాలా, వదిలేయాలా?

పర్లాకిమిడి_పిక్సెల్: నౌపడా–గుణుపురం పాత నారోగేజ్ రైలు మీద ఐసోమెట్రిక్ ఆట చేస్తున్నాను, టైలు 64×32. కెమెరా మనిషి వెనకాల మెల్లగా వస్తుంది. దాన్ని పిక్సెల్‌కు కట్టేస్తే మనిషి వణుకుతున్నాడు, వదిలేస్తే టైళ్ల మధ్య సన్నగీతలు మెరుస్తున్నాయి. ఏది సరైన పద్ధతి?

రాయగడ_రాళ్లు: కట్టేయాల్సిందే, ఇంకో మాట లేదు. కెమెరాకీ మనిషికీ రెండింటికీ `floor` పెట్టు, దశాంశం అన్నదే మిగలదు కదా, ఇంక వణుకు ఎక్కడిది?

మహేంద్రగిరి: తమ్ముడూ, వణుకు పుట్టేది సరిగ్గా అక్కడే. మనిషి ఫ్రేముకు అర పిక్సెల్ నడుస్తున్నాడు, కెమెరా 39.6 పిక్సెళ్లు వెనక ఉంది అనుకో. మనిషి 100.2, 100.7, 101.2 దగ్గర ఉంటే కెమెరా 60.6, 61.1, 61.6 దగ్గర ఉంటుంది. రెండింటికీ విడివిడిగా `floor` పెట్టి తీసేస్తే తెర మీద మనిషి చోటు 40, 39, 40 అవుతుంది. అసలు దూరం ఏ ఫ్రేములోనూ మారలేదు, కానీ దశాంశం ఒకరిది ఒక ఫ్రేములో, ఇంకొకరిది మరో ఫ్రేములో పోతోంది. `round` పెట్టినా ఇదే తంతు. ముందు తీసివేసి, ఆ తర్వాతే ఒక్కసారి కత్తిరించాలి.

```
sx = floor(px - cx)
sy = floor(py - cy)
```

ఇప్పుడు మూడు ఫ్రేముల్లోనూ 39 వస్తుంది. టైళ్లు, చెట్లు, స్తంభాల చోట్లు పూర్తి సంఖ్యల్లో ఉంచు, అప్పుడు నేలంతా ఒక్క ముక్కలా కదులుతుంది, గీతలు కూడా పోతాయి. ముందూ వెనకా లెక్కను మాత్రం కత్తిరించక ముందు ఉన్న `px`, `py` తోనే చెయ్యి, లేదంటే పక్కపక్కన నిలబడ్డ ఇద్దరి అంకెలు సమానమైపోయి, ఒకసారి వాడు ముందు, ఒకసారి వీడు ముందు అని మెరుస్తారు.

చిలకబొమ్మ: మాది బరంపురం. నాకు ముందూ వెనకా దగ్గరే గొడవ, కెమెరా ఎలా పెట్టినా రైలుపెట్టె ప్లాట్‌ఫారం మీద మనిషిని మింగేస్తోంది. రెండు రోజులుగా ఒకటే టెన్షన్.

రాయగడ_రాళ్లు: గోడోలో `y_sort_enabled` ఆన్ చెయ్యండి అక్కా, అయిపోతుంది.

మహేంద్రగిరి: ఒక టైలు బొమ్మలకు అయిపోతుంది, పొడుగాటి పెట్టెకు అవదు. మీ పెట్టె x 2 నుంచి 6 దాకా, y 4 మీద ఉందనుకోండి, నడిమి టైలు (4,4), x, y కూడితే 8, ఈ అంకె తక్కువున్నదాన్ని ముందు గీస్తాం, ఎక్కువున్నది దాని మీద పడుతుంది. పెట్టె ముందు (2,5)లో నిలబడ్డ మనిషిది 7, అందుకే పెట్టె అతని తర్వాత పడి అతన్ని కప్పేస్తుంది. పెట్టె వెనక (6,3)లో ఉన్నవాడిది 9, వాడు పెట్టెను దాటి ఇవతలికి కనిపిస్తాడు. పెట్టెకు 6 ఇచ్చినా, 10 ఇచ్చినా ఒక తప్పు పోయి ఒకటి మిగులుతుంది, ఎందుకంటే ముందున్నవాడు 7 దగ్గరా వెనకున్నవాడు 9 దగ్గరా ఉండగా ఆ ఇద్దరి మధ్యా సరిపడే ఒక్క అంకె లేదు. టైలు వెడల్పున అయిదు ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ దాని టైలు అంకెనే ఇవ్వండి. రైలు కదిలినా ముక్కలన్నీ కలిసి కదులుతాయి కాబట్టి ఇబ్బంది లేదు.

చిలకబొమ్మ: కోశానండీ, (2,5) దగ్గర మనిషి ఇప్పుడు పూర్తిగా కనిపిస్తున్నాడు. ముక్కల అతుకుల దగ్గర మాత్రం పెట్టె నీడ రెండుసార్లు పడి నల్లగా వస్తోంది, నీడను వేరే పొరలో, నేలతోపాటే గీయాలేమో.

గుణుపురం_గేమ్స్: ఇంతా ఎందుకు? 320×180లో గీసి ఆరింతలు పెంచుతూ, ఆ పెంచేటప్పుడే కెమెరా దశాంశాన్ని జరిపితే 1080p మీద నేల వెన్నలా జారుతుంది. అంచున ఒక పిక్సెల్ ఎక్కువ గీస్తే చాలు. నేను ఇదే వాడుతున్నాను.

మహేంద్రగిరి: నేలకు బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ చిన్న బొమ్మలో మనిషి పూర్తి పిక్సెల్ దగ్గరే ఉంటాడు, కెమెరా మాత్రం నున్నగా జరుగుతుంది, అందుకే మనిషి తెర మీద రంపపు పళ్లలా వెనక్కీ ముందుకీ పోతాడు, అదీ ఆరు పిక్సెళ్ల దాకా. నాకది భరించలేని కుదుపు.

గుణుపురం_గేమ్స్: మనిషిని పెద్ద తెర మీద విడిగా గీస్తే పోతుంది.

మహేంద్రగిరి: అప్పుడు పెట్టె వెనక్కి వెళ్లినప్పుడు ఏది దాచాలి? ముందూ వెనకా లెక్క మొత్తం మళ్లీ కట్టాలి.

పర్లాకిమిడి_పిక్సెల్: తీసివేసి కత్తిరించాను, వణుకు పోయింది! కానీ టైలు వెంట నడిపిస్తే నేల ఒక ఫ్రేములో పక్కకు, ఇంకో ఫ్రేములో కిందికి జరుగుతోంది, మెట్లు గతుకులుగా ఉన్నాయి.

మహేంద్రగిరి: టైలు అంచు రెండు పిక్సెళ్లు పక్కకు, ఒకటి కిందికి పోతుంది. కెమెరా చోటులో `cx - 2*cy` పూర్తి సంఖ్యగా ఉంటే రెండో అడుగు పడిన ఫ్రేములోనే కిందికి అడుగూ పడుతుంది. టైలు రెండో వాలు అంచు వెంట నడిచేటప్పుడు `cx + 2*cy` అలా ఉండాలి. నడక మొదలయ్యేటప్పుడు కెమెరాను ఆ లెక్కకు సర్దు.

పర్లాకిమిడి_పిక్సెల్: నాది జాయ్‌స్టిక్ అన్నా, ఏ కోణంలోనైనా నడుస్తాడు.

మహేంద్రగిరి: అయితే ఆ సర్దుబాటు పనిచేయదు. ఎనిమిది దిక్కులకే కట్టేస్తావా, గతుకులు ఓర్చుకుంటావా అన్నది నువ్వే చూసుకోవాలి.

గుణుపురం_గేమ్స్: లేదా నా పద్ధతికి రా!