కొత్త హోటల్‌కి ఫోన్ ఫొటోలు సరిపోతాయా, ఫొటోగ్రాఫర్‌ని పెట్టాలా?

కొత్తపొయ్యి:
రెండు నెలల క్రితం చిన్న హోటల్ తెరిచాను. 24 సీట్లు. రాత్రి పర్లేదు, మధ్యాహ్నం సగం బల్లలు ఖాళీ. ఇన్‌స్టాగ్రామ్‌లో రోజూ ఫోన్‌తో తీసి పెడుతున్నా. తిన్నవాళ్లు కూర బాగుందంటారు, ఫొటోలో మాత్రం బురద ముద్దలా ఉంటోంది. కింద ఒకటి జత చేశాను చూడండి. డబ్బు పెట్టి ఫొటోగ్రాఫర్‌తో ఒకేసారి అన్నీ తీయించెయ్యనా? లేక ఈ ఫొటోల గోలే దండగా?

గరిటెమనిషి:
దండగే తమ్ముడూ. ఇరవై ఏళ్లుగా పొయ్యి ముందున్నాను, ఒక్క ఫొటో తీయలేదు. తిన్నవాడు వెళ్లి నలుగురికి చెప్తాడు, ఆ నలుగురూ వస్తారు. ఫోన్ పక్కన పడేసి వంట చూసుకో.

వెలుగునీడ:
గరిటెమనిషి గారూ, తిన్నవాడు చెప్తాడన్నది ఒప్పుకుంటాను. మరి విన్నవాడు ఏం చేస్తాడు? బయల్దేరే ముందు మ్యాప్‌లో పేరు కొట్టి ఫొటోలు చూస్తాడు. మీ 20 ఏళ్ల పేరు మీకుంది కాబట్టి వాడు చూడకుండానే వస్తాడు. రెండు నెలల హోటల్‌కి ఆ వెసులుబాటు లేదు.

కొత్తపొయ్యి గారూ, మీ ఫొటో చూశాను. కూర సంగతి తర్వాత, ముందు కంచం అంచు చూడండి. కిటికీ వైపు నీలంగా ఉంది, ఇటు వైపు పసుపు. అంటే కిటికీ వెలుగూ నెత్తిమీది బల్బూ రెండూ కలిసి పడ్డాయి. ఆ రెండింటి రంగూ ఒకటి కాదు. ఫోన్ ఏదో ఒకదాన్నే తెల్లగా సరిచేయగలదు, రెండోది మిగిలిపోతుంది. తెల్ల కంచం మీద అది తెలుస్తుంది. గోధుమరంగు కూర మీద విడిగా తెలియదు, మొత్తం బురదైపోతుంది. ఎడిటింగ్‌లో ఎంత లాగినా ఒక పక్క బాగుపడితే రెండో పక్క చెడుతుంది.

కాబట్టి మొదటి పని లైట్లన్నీ ఆర్పెయ్యడం. ఎండ నేరుగా పడని కిటికీ చూసుకుని, దానికి చేతి దూరంలో బల్ల వేయండి. ఎండ నేరుగా పడుతుంటే పల్చటి తెల్ల గుడ్డ కట్టండి. వెలుగు మీ వీపు వైపు నుంచి రాకూడదు, కంచానికి పక్కనుంచో కాస్త వెనకనుంచో రావాలి. అప్పుడే గ్రేవీ మీద తడి మెరుస్తుంది, ముక్కల అంచులకు నీడ పడుతుంది, ఏది ముక్కో ఏది పులుసో కంటికి విడిపోతుంది. కూరకు ఉన్న రంగు ఒక్కటే కదా, దాన్ని కాపాడేది ఆ మెరుపూ నీడలే. ఫ్లాష్ వేస్తే రెండూ పోతాయి. నీడ మరీ నల్లగా ఉంటే కిటికీకి ఎదురు వైపు ఒక తెల్ల అట్ట నిలబెట్టండి, చాలు.

రెండోది, ఫోన్‌ని కంచం మీదకు తోసేశారు. అంత దగ్గరికి వెళ్తే ముందు అంచు ఉబ్బి, వెనక అంచు చిక్కిపోతుంది. రెండడుగులు వెనక్కి వచ్చి 2x పెట్టుకోండి. కూర మీద వేలు నొక్కి పట్టుకుంటే ఐఫోన్‌లో AE/AF LOCK అని వస్తుంది. వేలు కొంచెం కిందికి జరిపి వెలుగు తగ్గించండి, తెల్ల కంచంలో గీతలు కనిపించేదాకా.

ఇవన్నీ చేసినా పొగమంచు పట్టినట్టు వస్తోందంటే మీ లెన్స్ మీద నూనె ఉన్నట్టు. వంటింట్లో తిరిగే ఫోన్ కదా! నవ్వకండి, నేను చూసిన మసక ఫొటోల్లో సగానికి కారణం ఇదే.

చిట్టిబాబు:
అన్నా, అయితే ఏ ఫోన్ కొనాలి? రింగ్ లైట్ కూడా తీసుకోనా? మా చెల్లి మేకప్ వీడియోలకు వాడుతుంది, సూపర్‌గా వస్తాయి.

వెలుగునీడ:
కొనొద్దు తమ్ముడూ, ఉన్న ఫోన్ చాలు. రింగ్ లైట్ ఎదురుగా కొట్టి ముఖం మీద నీడలు తీసేస్తుంది, అందుకే మీ చెల్లికి బాగుంటుంది. కూరకు కావాల్సింది ఆ నీడలే. పైగా గ్రేవీలో ఆ గుండ్రటి వలయం తేలి కనిపిస్తుంది.

రీల్స్‌తో_కాలినవాడు:
నా అనుభవం వినండి. నాది 18 సీట్ల హోటల్. ఒక ఫుడ్ వ్లాగర్‌ని పిలిచి, తిండి పెట్టి, డబ్బిచ్చి రీల్ చేయించాను. లక్షల్లో చూశారు. ఆ శనివారం సందు మొదలు దాకా జనం. వంటింట్లో ఇద్దరమే. గంటన్నర నిలబెట్టి, చివరికి చల్లారిన కంచాలు పెట్టాం. ఆదివారం పొద్దున చూస్తే ఒక్క స్టార్ రేటింగులు వరసగా. తర్వాతి శనివారానికి జనం లేరు, రేటింగులు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. నా మాట, ఫొటోలు వద్దు, రీల్స్ అసలే వద్దు.

లెక్కలక్క:
అయ్యో, పాపం. కానీ తమ్ముడూ, నీకు జరిగిన దానికి ఫొటోల్ని తిట్టి లాభం లేదు. 18 సీట్లకు లక్షల మందిని పిలిచావు, అదీ అందర్నీ ఒకే రోజు. అందులో ఎక్కువమంది అసలు రాలేనంత దూరం వాళ్లు అయ్యుంటారు. ఖాతాను ప్రొఫెషనల్‌గా మార్చుకుంటే చూస్తున్నవాళ్లు ఏ ఊళ్లవాళ్లో ఇన్‌స్టాగ్రామే చూపిస్తుంది. అది చూశావా?

కొత్తపొయ్యి, నీ కష్టం మధ్యాహ్నం బల్లలు. మధ్యాహ్నం నీ దగ్గరికొచ్చేది నడిచి వచ్చేంత దూరంలో ఉన్నవాళ్లు. వాళ్లు ఏం తిందామా అనుకునేది 11 గంటలకు, నువ్వు ఫొటో పెడుతున్నది రాత్రి 10కి, కొట్టు కట్టేశాక. (నీ పేజీ చూశాలే.) మధ్యాహ్నం తినేది పొద్దున్నే వండుతావుగా? మొదటి గిన్నె దించగానే ఒక కంచం తీసి, 11 లోపు పెట్టు. పక్కవీధివాళ్ల నంబర్లుంటే వాట్సాప్ స్టేటస్‌లో కూడా అదే ఫొటో. అది 24 గంటలకు పోతుంది కాబట్టి రోజూ పెట్టినా ఎవరికీ విసుగు రాదు.

ఇంకోటి. మ్యాప్‌లో నీ హోటల్ పేజీని నీ పేరు మీద తీసుకున్నావా? అక్కడ మొదట కనిపించేది ఎవరో రాత్రిపూట తీసిన ఖాళీ కంచం. బాగాలేదన్న కారణానికి కస్టమర్ పెట్టిన ఫొటో తీసేయించలేం, నిబంధనలకు విరుద్ధంగా ఉంటేనే ఫిర్యాదు చేయొచ్చు. నీ మంచి ఫొటోలు పది పెట్టడమే దారి. మధ్యాహ్నం వేళలు కూడా తప్పున్నాయి, 12:30కి తెరుస్తావని ఉంది.

కొత్తపొయ్యి:
వేళలు తప్పున్నాయా! అక్కా, 12కే తెరుస్తాను. ఇప్పుడే మారుస్తున్నా.
వెలుగునీడ గారూ, ఒక సందేహం. లోతు గిన్నెలో ముక్కలన్నీ మునిగిపోతున్నాయి. ఫొటో కోసం ఇంకో నాలుగు ముక్కలు ఎక్కువ వేస్తే తప్పా?

గరిటెమనిషి:
చూశారా, మొదలైంది. ఫొటోలో ఎనిమిది ముక్కలు, బల్ల మీద నాలుగు. తిట్లు తినేది సర్వర్.

వెలుగునీడ:
ఈ ఒక్క విషయంలో గరిటెమనిషి గారి పక్షమే నేను. ఈ పేచీ పాతదే. 1960ల చివర్లో అమెరికాలో క్యాంప్‌బెల్ సూప్ ప్రకటనల కోసం గిన్నె అడుగున గాజు గోళీలు వేశారు, ముక్కలు పైకి తేలి కనిపించాలని. అది జనాన్ని మోసం చేయడమేనని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది. గోళీలు తినడానికి కాదుగా, గిన్నెలో ఉన్నదాని కంటే ఎక్కువ ఉన్నట్టు చూపించడానికి.

మీరు ముక్కలు పెంచొద్దు. లోతు గిన్నె మానేసి వెడల్పు, లోతు తక్కువ పాత్రలో వడ్డించండి. ముందు ముక్కలు పేర్చి, గ్రేవీ పక్కనుంచి పోయండి. అదే నాలుగు ముక్కలు, అదే కూర. కానీ కస్టమర్‌కి కూడా అదే పాత్రలో ఇవ్వాలి, ఫొటోకి ఒక పాత్ర, బల్లకి ఒక పాత్ర కుదరదు. పైన చల్లే ఆకు కూడా అంతే, రోజూ చల్లేదుంటేనే ఫొటోలో ఉండనివ్వండి. పోసిన రెండు మూడు నిమిషాల్లో తీసెయ్యండి, ఆగితే పైన మీగడలా పొర కట్టి మెరుపు పోతుంది.

గరిటెమనిషి:
వెడల్పు పాత్రలో కూర తొందరగా చల్లారుతుంది. ఫొటో కోసం కస్టమర్‌కి చల్లటి కూర పెడతామా?

వెలుగునీడ:
మంచి మాట. పాత్రను వేడినీళ్లలో ముంచి తుడిచి వడ్డిస్తే కొంత ఆగుతుంది. కొంతే.

కొత్తపొయ్యి:
నాలుగు వారాల తర్వాత వచ్చాను. జరిగింది చెప్తాను.

కిటికీ పక్క రెండో బల్ల మీద, పొద్దున 10:45కి, లైట్లు ఆర్పి తీస్తున్నాను. మొదటి రోజు ఫొటో, పాత ఫొటో పక్కపక్కన పెట్టి మా ఆవిడకి చూపిస్తే రెండూ ఒకే కూర అంటే నమ్మలేదు. లెన్స్ తుడవడం మర్చిపోయిన రెండు రోజులు నాకే తెలిసిపోయింది.

లెక్కలక్క ఫోన్‌లో చెప్పినట్టు, మధ్యాహ్నం బిల్లు ఇచ్చేటప్పుడు కొత్త ముఖమైతే ‘మా గురించి ఎలా తెలిసింది?’ అని అడిగి బిల్లు వెనక ఒక అక్షరం రాస్తున్నాం. చివరి రెండు వారాల్లో 52 మంది కొత్తవాళ్లు. 21 మంది మ్యాప్‌లో చూసి, 14 మంది ఎవరో చెప్తే, 9 మంది ఇన్‌స్టాగ్రామ్ లేదా స్టేటస్ చూసి, మిగతా 8 మంది దారిన పోతూ వచ్చారు. మధ్యాహ్నం బల్లలు ఇంకా నిండట్లేదు, కానీ ఖాళీలు తగ్గాయి.

గరిటెమనిషి:
14 మంది నోటి మాట. చెప్పానా!

లెక్కలక్క:
ఆ 14 మందిలో వచ్చే ముందు ఫొటో చూసినవాళ్లెంతమందో బిల్లు వెనక ఉండదు గరిటెమనిషి గారూ. ఇక మ్యాప్ చూసి 21 మంది వచ్చింది ఫొటోల వల్లో, వేళలు సరిచేయడం వల్లో కూడా చెప్పలేం. రెండూ ఒకే రోజు మార్చాడు. ఒక్కోటి విడిగా మార్చుంటే తెలిసేది.

కొత్తపొయ్యి:
అక్కా, ఖాళీ బల్లలు చూస్తూ విడివిడిగా మార్చే ఓపిక నాకెక్కడిది.
మిగిలింది రాత్రి వంటకాలు. అవి సాయంత్రం 7కి గానీ తయారవ్వవు, అప్పటికి కిటికీ చీకటి. వాటికోసం ఒక్క రోజు ఫొటోగ్రాఫర్‌ని పిలవనా, లేక మధ్యాహ్నమే ఒక కంచం వండి తీయనా?

వెలుగునీడ:
మధ్యాహ్నం వండి తీయండి, ఆ కంచాన్ని మీవాళ్లే తినేయొచ్చు. బయట పెట్టే పెద్ద బోర్డుకి మాత్రం ఫొటోగ్రాఫర్ అవసరమే అంటాను.

రీల్స్‌తో_కాలినవాడు:
బోర్డుకి కూడా ఫోన్ ఫొటోనే పెట్టాను నేను. దగ్గరికొస్తే చుక్కలు చుక్కలుగా ఉంది, నిజమే. కానీ రోడ్డవతల నుంచి ఎవరికి కనిపిస్తుంది?