ఈ వారం సమస్య: “ప్రాణమును వీడి ప్రాణమే బ్రతికె నేడు”

నిర్వాహకుడు: ఛందస్సు తేటగీతి. సమస్య నాలుగో పాదం. ‘ప్రాణము’ అనాలా, ‘ప్రాణం’ అనాలా అని మొన్నటిదాకా నడిచిన గొడవే దీనికి మూలం. పూరణలు పంపండి.

గోదారిగట్టు: నా ప్రయత్నం.

పల్లె నోట ‘ము’ యన్నది పలుచబారె
వ్రాత లోపల నిలిచెను రాజు వోలె
బిందువై వచ్చి జనులలో పెరిగె మాట
ప్రాణమును వీడి ప్రాణమే బ్రతికె నేడు

పాతచెరువు: భావం బాగుంది, గణాలూ యతులూ సరిగ్గా పడ్డాయి. మొదటి పాదంలో ‘ము యన్నది’ దగ్గర ఆగాను. ఉకారం తర్వాత అచ్చు వస్తే సంధి చేయాల్సిందే, యడాగమం రాదు. ‘ము వర్ణము’ అని మార్చి చూడండి. గణం అదే, దోషం పోతుంది.

గోదారిగట్టు: మాస్టారూ, అది కొటేషన్‌లో పెట్టిన అక్షరం కదా, దానికి కూడా సంధి పట్టింపా? సరే, మీ సవరణే బాగుంది, మారుస్తాను. అసలు ‘ప్రాణం’ అచ్చమైన సంస్కృత రూపం, ‘ము’ మనవాళ్లు అతికించుకున్నది. అలాంటప్పుడు పద్యంలో ‘ప్రాణం’ తప్పెలా అయింది?

పాతచెరువు: ‘ము’ తెలుగు ప్రత్యయమన్నది నిజమే. మిగతాది కాదు. సంస్కృతంలో ప్రాణ శబ్దం పుంలింగం, ప్రథమలో ‘ప్రాణః’ అవుతుంది. ‘ఫలం’ గురించైతే మీ మాట నడిచేది. మనం అనే ‘ప్రాణం’ మన నోట్లో ‘ప్రాణము’ చివరి ఉకారం రాలిపోతే మిగిలింది.

కందిచేను: నేను వేరే దారిలో వెళ్లాను. అవయవదానం మీద రాశా.

గుండె దానంగ నిచ్చెను గొప్పవాడు
మరొక యెదలోన నది చేరి మసలుచుండ
తల్లి కన్నుల తడి యారి తళుకు నిండె
ప్రాణమును వీడి ప్రాణమే బ్రతికె నేడు

పాతచెరువు: మూడో పాదం కదిలించిందమ్మా. మాటల గొడవకని ఇచ్చిన సమస్య మీ చేతిలో నిజం ప్రాణమైంది, తప్పేం లేదు. అయితే మొదటి పాదంలో ‘దానంగ’ కుదరదు. ‘దానముగ’ అంటే గురువు తర్వాత మూడు లఘువులు, ఇంద్రగణం కాదు. అందుకే మీరు బిందువు పెట్టేసినట్టున్నారు. ఇలాంటి ఇరుకులో పూర్వకవులు ‘దానమ్ము’, ‘దానంబు’ అనేవారు. “గుండె దానమ్ము చేసెను గొప్పవాడు” అనండి, సరిపోతుంది.

కందిచేను: థాంక్స్ మాస్టారూ. మరి ‘ప్రాణాలు’ కూడా పద్యంలో నిషేధమేనా? అదీ వ్యావహారికమే కదా.

పాతచెరువు: దానికి చిన్నయసూరే బాలవ్యాకరణంలో దారి వదిలాడు. వజ్రములు అనొచ్చు, వజ్రాలూ అనొచ్చు. బహువచనంలో ‘ము’ పోయి ముందు అచ్చు దీర్ఘమైతే గ్రాంథికానికి అభ్యంతరం లేదు. ఏకవచనంలో ‘వజ్రం’ దగ్గరకొచ్చేసరికే పేచీ. నాకూ ఇది కాస్త వింతగానే ఉంటుంది.

సూర్యాపేట చిన్నమ్మ: పద్యాలు నాకు రావు గానీ ఒక సందేహం. మా అమ్మాయి శుభలేఖలో ‘వివాహంనకు విచ్చేసి’ అని టైపు చేసి పంపారు. ఏదో ఎబ్బెట్టుగా ఉంది. ‘ము’ పెట్టించాలా?

గోదారిగట్టు: రెండిట్లో ఏదైనా పెట్టించుకోండి చిన్నమ్మా, కలపొద్దు. ‘వివాహమునకు’ ఒక వరస, ‘వివాహానికి’ ఇంకో వరస. సున్నా తర్వాత ‘నకు’, ‘ను’ వచ్చి కూర్చున్నాయంటే రెండు వరసలూ కలిసిపోయాయన్నమాట. ‘పుస్తకంను’ కూడా ఆ బాపతే.

సూర్యాపేట చిన్నమ్మ: ‘వివాహానికి’ అనే వేయిస్తా. మా ఆయన మాత్రం కార్డంటే ‘ము’ ఉండాల్సిందే అంటున్నారు.

పాతచెరువు: ఇక నా పూరణ.

వర్ణమేదైన నర్థమే వదలకుండ
గ్రంథమందొక్క రూపమై, గడపయందు
వేరు రూపమై పలుకుచు వెలుగుచుండ
ప్రాణమును వీడి ప్రాణమే బ్రతికె నేడు

మొదటి మూడు పాదాల్లో ‘ము’తో ముగిసే ప్రతి మాట తర్వాతా అచ్చే పెట్టాను. గ్రంథము+అందు అన్నా, గ్రంథం+అందు అన్నా చెవికి ‘గ్రంథమందు’ అనే వినిపిస్తుంది. నిర్వాహకుల వారి గడుసుతనం కూడా అక్కడే ఉంది. విడిచిన ‘ప్రాణమును’లో ‘ము’ బయటికి కనిపిస్తుంది, బతికిన ‘ప్రాణమే’లో ఏది దాగిందో చెప్పలేం.

నిర్వాహకుడు: పట్టేశారు!

గోదారిగట్టు: ఇంకొక్కటి మాస్టారూ. తేటగీతిలో ‘ప్రాణం’ ఒక్కటే ఇంద్రగణం కాదు, సరే. కందంలో అయితే? ‘ప్రాణము’ భగణం, ‘ప్రాణం’ గగం, రెండూ నాలుగు మాత్రలే, రెండూ చెల్లుతాయి. ఇక అడ్డేముంది?

పాతచెరువు: కందంలో ఛందస్సు అడ్డు రాదు, వ్యాకరణమే అడ్డు. పద్యంలో ఒక పాత్ర మాట్లాడుతూ అంటే ఒప్పుకుంటాను. కవి తన మాటగా అంటే ఒప్పుకోను.

గోదారిగట్టు: నేనైతే రెండు చోట్లా వాడతాను. వచ్చే వారం కందం ఇవ్వండి, చూసుకుందాం.