ACH D అని 2,000 పోయాయి, ఆ పేరే నేను వినలేదు

కొత్తఖాతా: 5వ తేదీన నా ఖాతా నుంచి 2,000 రూపాయలు పోయాయి. స్టేట్‌మెంట్‌లో పక్కన ఈ ముక్క ఉంది. ఈ సంస్థకు నేనెప్పుడూ డబ్బు కట్టలేదు. ఇది ఎవరు తీసుకున్నట్టు?

```
ACH D- INDIAN CLEARING CORP-XXXXXX4417
```

నిక్కచ్చి: ACH అంటే లోన్ ఈఎంఐ. ఎక్కడో లోన్ తీసుకుని మరిచిపోయి ఉంటారు.

కొత్తఖాతా: నాకు ఏ లోనూ లేదండీ. అందుకే టెన్షన్‌గా ఉంది.

పాతకౌంటర్: లోన్ ఒక్కటే కాదు నిక్కచ్చి గారూ. ఈ ముక్కను ఎడమ నుంచి చదవాలి. ముందున్న ACH డబ్బు వెళ్లిన దారి. ‘నెలనెలా తీసుకోండి’ అని మనం ముందే ఇచ్చిన అనుమతి మీద ఆ దారిలో డబ్బు పోతుంది. ఈఎంఐ, బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్ సిప్ అన్నీ అలాగే వెళ్తాయి. D అంటే డెబిట్. తర్వాత ఉన్న పేరు వసూలు చేసినవాళ్లది. ఆ డబ్బు చివరికి చేరేది వాళ్లకే అనుకోకూడదు. ఇండియన్ క్లియరింగ్ కార్పొరేషన్ అనేది బీఎస్ఈ అనే స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి అనుబంధ సంస్థ. బీఎస్ఈ వేదిక మీదుగా వెళ్లే సిప్ డబ్బును అది వసూలు చేసి ఫండ్‌కు పంపుతుంది. ఏదైనా యాప్‌లో 5వ తేదీకి సిప్ పెట్టారా?

మూడోరోజు: ఈ విడమరచడం తర్వాత. ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. నేనూ ఇలాగే అర్థం వెతుక్కుంటూ నెల గడిపాను. తర్వాత వెళ్తే ‘ఆలస్యం చేశారు’ అన్నారు. నా 6,000 ఇప్పటికీ రాలేదు.

నిక్కచ్చి: ఈఎంఐ కూడా ACHలోనే వెళ్తుందిగా? నేనన్నదీ అదే.

రెండుపైసలు: నాదీ చెప్పండి. 295 రూపాయలు పోయాయి, RTN CHG అని ఉంది. నా ఖాతాలోకి ఎవరో దూరినట్టున్నారు.

పాతకౌంటర్: రెండుపైసలు గారూ, 250కి 18 శాతం జీఎస్టీ కలిపితే సరిగ్గా 295. 500 అయితే 590 అవుతుంది. RTN అంటే రిటర్న్. వాయిదా రోజున ఖాతాలో డబ్బు చాలకపోతే బ్యాంకు వేసే చార్జీ అది. దానికి ఒకటి రెండు రోజుల ముందు వాయిదా ఏదైనా వెనక్కి వెళ్లిందేమో చూడండి.

మూడోరోజు గారూ, కంగారుపడి ఖాతా ఖాళీ చేసినా, ఆ చెల్లింపు ఆపించినా కొత్తఖాతా గారిది సిప్ అయితే ఆ వాయిదా ఆగిపోతుంది. ఖాతా ఖాళీ చేస్తే పైగా ఇదే 295 పడొచ్చు.

మూడోరోజు: ఖాతా ఖాళీ చేయమని నేనెక్కడ అన్నాను? మీకు అక్షరాలు చదవడం వచ్చు. నాకు రాదు, నాలాంటివాళ్లే ఎక్కువ. మోసం అయితే మూడు పనిదినాల్లో చెప్పాలని ఆర్‌బీఐ 2017లోనే పెట్టింది. మీరు పాఠం చెప్పేలోపు ఆ గడువు అయిపోతుంది. నా బాధంతా అదే.

పాతకౌంటర్: ఆ మాటకు ఎదురు చెప్పను. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాళ్ల వల్ల పోయిన డబ్బుకు, బ్యాంకు కబురు అందిన మూడు పనిదినాల్లో చెబితే మన మీద భారం పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే కొంత పడుతుంది. కానీ ACHలో తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు. పోయిన నెల స్టేట్‌మెంట్‌లో ఇదే పేరు, ఇదే మొత్తం, ఇంచుమించు ఇదే తేదీ ఉందా చూడాలి. తర్వాత నెట్‌బ్యాంకింగ్‌లో మ్యాండేట్ల జాబితా తెరిస్తే ఎవరికి, ఎంత వరకు అనుమతి ఇచ్చామో కనిపిస్తుంది. అందులో లేకపోతే అప్పుడు మీరన్నట్టే అదే రోజు ఫిర్యాదు.

దారినపోతూ: అసలు బ్యాంకు ఫండ్ పేరే రాయొచ్చుగా?

పాతకౌంటర్: వసూలు చేసినవాళ్లు పంపిన పేరే బ్యాంకుకు తెలుస్తుంది. ఫండ్ పేరు దాని దాకా రాదు.

కొత్తఖాతా: దొరికింది. మార్చిలో ఒక యాప్‌లో 2,000 సిప్ పెట్టాను. మ్యాండేట్ జాబితాలో ఇదే పేరుంది, పరిమితి మాత్రం 10,000 అని ఉంది. యాప్‌లోనూ 5వ తేదీదే యూనిట్ల కొనుగోలు కనిపించింది. కానీ చూస్తుంటే ఇంకొకటి కనపడింది. నిన్న UPIలో 149 పోయింది, చివర MANDATE అని ఉంది. నా యాప్‌లో ఆటోపే జాబితా ఖాళీ.

నిక్కచ్చి: అదీ సిప్పే అయ్యుంటుంది.

పాతకౌంటర్: 149కి సిప్ అనుకోను. ఏదో సబ్‌స్క్రిప్షన్‌లా ఉంది. మీ ఫోన్లో వేరే UPI యాప్ ఉంటే అక్కడ కూడా ఆటోపే చూడండి. ఇంకో యాప్ నుంచి ఇచ్చిన అనుమతి ఇక్కడ కనిపించకపోవచ్చు.

మూడోరోజు: చూడండి, కానీ ఇవాళే. అందులో 12 అంకెల నంబరు ఉంటుంది, ముందు అది రాసిపెట్టుకోండి. సాయంత్రానికి తేలకపోతే ఆ నంబరుతోనే ఫిర్యాదు పెట్టండి.

కొత్తఖాతా: పాత ఫోన్లో ఒక యాప్ ఉంది. చార్జింగ్ పెట్టాను, చూసి చెబుతాను.