పాంప్లెట్ ఫొటో, ఆరు నెలల బిల్లులు: మా నాన్న నంబరుకు ఏ ప్లాన్ తక్కువల పడ్తది?

శైలజ (మిర్యాలగూడ): నాన్న పోస్ట్‌పెయిడ్ ప్లాన్ మార్చుదామని షాపుకు పోతే పాంప్లెట్ ఇచ్చిన్రు. ఫొటో పెడుతున్న. 299, 399, 499 అని మూడున్నయి. కాల్స్ మూడింట్ల ఉచితమే. జనవరి నుంచి జూన్ దాకా వాడిన డేటా వరుసగా 12, 14, 13, 41, 43, 38 జీబీ. ఏది తీసుకోమంటరు?

శీను (జడ్చర్ల): 299కే 40 జీబీ ఇస్తున్నరు కదా చెల్లె, ఇంక ఆలోచించుడేంది?

వెంకన్న (నల్గొండ): ఆగు శీనూ. ఫొటో వంకరగ దిగింది, కుడి పక్క పైకి లేచింది. 299 నుంచి అడ్డంగ చూపు పోనిస్తే కింది వరుసల ఉన్న 40 మీద పడ్తది. నువ్వు చదివినట్టే చదువుకుంట పోతే 499 పక్కన ఏం మిగలదు, చూడు. ఒక వరుస ఖాళీగ మిగిలిందంటే గడులు జరిగినట్టే. శైలజా, కింద చుక్క గుర్తు దగ్గర సన్నక్షరాలు కూడా తెగిపోయినయి. కాగితం బల్ల మీద పరిచి, ఫ్లాష్ బంద్ చేసి, నాలుగు మూలలు కనబడేటట్టు సరిగ్గ పైనుంచి ఇంకొకటి తియ్యి. ఇంకో మాట, ఆ లెక్కలు ఫోన్ సెట్టింగ్స్‌లవా, బిల్లులవా?

శైలజ: బిల్లులవే అన్నా. ఇంకో ఫొటో పెట్టిన. 299కు 25 జీబీ, 399కు 40, 499కు 75. కింద "అదనపు డేటా 1 జీబీకి 20 రూపాయలు, మిగిలిన డేటా తర్వాతి నెలకు కలవదు, పన్నులు అదనం" అని ఉంది.

అరుణ (వనపర్తి): ఆరు నెలలు కలిపితే 161. సగటున నెలకు 27 జీబీ. 299 ప్లాన్ల 2 జీబీ ఎక్కువైతది, అంటే 40 రూపాయలు. మొత్తం 339, 399 కన్న తక్కువే. 299 తీస్కోండి.

వెంకన్న: సగటుతోని ఇక్కడ మోసపోతం అరుణమ్మా. జనవరిల మిగిలిన 13 జీబీ మే నెలకు రాదు కదా, కాగితం మీదనే రాసిన్రు. నెల నెలకు విడిగ చూడాలె. 299 ప్లాన్ల మొదటి మూడు నెలలు అదనం ఏం లేదు. ఏప్రిల్‌ల 16, మేల 18, జూన్‌ల 13, మొత్తం 47 జీబీ ఎక్కువ, అంటే 940 రూపాయలు. అద్దె 1794 కలిపితే 2734. అదే 399ల ఏప్రిల్‌ల 1, మేల 3, అంతే. 2394కు 80 కలిపితే 2474. 499కు అదనమేం పడదు గని అద్దెనే 2994. అంటే 399 తీసుకుంటే 299 కన్న 260 మిగుల్తది. పన్ను 18 శాతం మూడింటి మీద పడ్తది కాబట్టి వరుస మారదు.

శీను: మరి ప్రీపెయిడ్ 399 గూడ ఉంటది గద, అదీ ఇదీ ఒక్కటే కాదా?

వెంకన్న: కాదు. ప్రీపెయిడ్ ధరల పన్ను కలిసే ఉంటది. ఈ 399 బిల్లుల 471 దాకా అయితది. పైగా 28 రోజుల ప్లానైతే ఏడాదికి 13 సార్లు రీచార్జ్ చెయ్యాలె.

లక్ష్మి (నాగర్‌కర్నూల్): మా అమ్మ ఫోన్ల నెట్ అసలే వాడదు, కాల్స్ ఒక్కటే. ఆమెకు డేటా పైసలు ఎందుకు కట్టాలె?

వెంకన్న: మీది వేరే సంగతమ్మా. ప్రీపెయిడ్‌ల డేటా లేకుండ కాల్స్, మెసేజులకే ప్లాన్ ఒక్కటన్న ఇయ్యాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌ల నిబంధన తెచ్చింది. షాపుల పేరు పెట్టి అడుగుండ్రి, వాళ్ళంతట వాళ్ళు ముందుగ చూపియ్యరు.

అరుణ: వెంకన్నగారూ, నాదొక డౌటు. శైలజా, ఏప్రిల్ నుంచి అంత పెరిగిందేంది?

శైలజ: తమ్ముడు ఇంటర్ పరీక్షలైనంక హాస్టల్ నుంచి ఇంటికొచ్చిండు అక్కా. నాన్న ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకొని సినిమాలు చూసిండు. జూలైల మళ్ళ హాస్టల్‌కే పోతడు.

వెంకన్న: ఇది ముందే అడగకపోవుడు నా తప్పు. లెక్క తిరగబడ్తది. జూలై నుంచి డిసెంబర్ దాకా గూడ 25 లోపలే ఉంటదనుకుంటే, ఏడాదికి 299 ప్లాన్ 3588కి 940 కలిపి 4528. 399 ప్లాన్ 4788కి 80 కలిపి 4868. ఏడాది మీద 299నే 340 తక్కువ. ఎండకాలం మూడు నెలలే 399కి మారి, మిగతా తొమ్మిది నెలలు 299ల ఉంటే ఇంకా మేలు: 2691, 1197, 80, మొత్తం 3968. ఇప్పుడైతే జూన్ బిల్లు గూడ అయిపోయింది కాబట్టి 299 తీసుకో.

శైలజ: షాపుకు ఫోన్ చేసి అడిగిన అన్నా. 299 నుంచి 399కి మారితే కొత్త బిల్లు తారీఖు నుంచి అమలైతదట. మళ్ళ కిందికి దిగనిస్తరా అంటే కస్టమర్ కేర్‌ను అడుగమన్నడు.

వెంకన్న: అడుగు. నోటి మాటతోని సరిపెట్టకు, మెసేజ్ తీస్కో. దిగనియ్యకపోతే ఏడాదంతా 299లనే ఉండు. ఏప్రిల్ వచ్చినంక తమ్ముని ఫోన్ల రీచార్జ్ ఎంతైతదో అడిగి, దాన్ని 940తోని పోల్చి చూడు.