పాత హెడింగ్ పక్కన కొత్తది: ట్రాకింగ్ కొలిచి పెట్టాలా, కంటితో చూసి పెట్టాలా?

కొత్తకలం: ఎ3 పోస్టర్. పాత హెడింగ్ GRAND OPENING కర్వ్స్‌లో వచ్చింది. కింద అదే ఫాంట్‌లో LAUNCH OFFER కొట్టాను. ఎత్తు సమానమే, అయినా కొత్తది ఇరుకుగా ఉంది. ఇలస్ట్రేటర్‌లో ట్రాకింగ్ ఎంత పెట్టాలి?

ఫ్లెక్స్_బావ: 20 పెట్టు తమ్ముడూ. కోరెల్‌లో నేనెప్పుడూ అంతే.

స్కేలుపట్టీ: ఆ 20 ఇక్కడికి రాదు బావగారూ. కోరెల్ లెక్క స్పేస్ వెడల్పులో శాతం, ఇలస్ట్రేటర్ లెక్క ఫాంట్ సైజులో వెయ్యో వంతు.

కొత్తకలం గారూ, మీరూ GRAND OPENING అనే కొట్టి N ఎత్తు పాతదానితో కలపండి. O తో వద్దు, అది కాస్త పైకీ కిందికీ పొడుచుకొస్తుంది. ట్రాకింగ్ 0 ఉంచి, ఒక కాపీకి Create Outlines చేసి వెడల్పు చూడండి. మామూలు టెక్స్ట్‌కి కొలిస్తే పక్క ఖాళీలు కూడా కలుస్తాయి. 50 పాయింట్ల సైజులో మీది 465, పాతది 501 వచ్చిందనుకోండి. తేడా 36. స్పేస్‌తో కలిపి 13 అక్షరాలు, అంటే 12 సందులు, సందుకి 3 పాయింట్లు. 50కి 3 అంటే వెయ్యికి 60. LAUNCH OFFERకీ అదే.

వత్తులబాధ: అను ఫాంట్‌లో ట్రాకింగ్ పెంచితే నాకు అక్షరం ఒకచోట, వత్తు ఒకచోట పడ్డాయి. దాని జోలికి పోకండి.

స్కేలుపట్టీ: అడిగింది ఇంగ్లిష్ క్యాపిటల్స్ గురించండీ.

కంటిలెక్క: 60 పెట్టినా L, A మధ్య గొయ్యి కనిపిస్తుంది. L పైన ఖాళీ, A పైన వాలు. అక్కడ కర్సర్ పెట్టి Alt, ఎడమ బాణం రెండుసార్లు నొక్కితే -40 అవుతుంది. ఏ లెక్కా ఇది చెప్పదు.

స్కేలుపట్టీ: అది కెర్నింగ్. నా 60లో తప్పేముంది?

కంటిలెక్క: పాతాయన చేత్తో సర్ది ఉంటే మీ సగటు దేనికి పనికొస్తుంది?

స్కేలుపట్టీ: ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే అదీ తెలుస్తుంది. "చూడ్డానికి బాగుంది" అన్న కస్టమరే పోయినేడు స్కేలు పెట్టి 500 కాపీలు వెనక్కి పంపాడు. డబ్బు నా జేబులోంచి పోయింది.

కంటిలెక్క: అదీ సంగతి! మీరు ఆ కస్టమర్ స్కేలు కోసం చేస్తున్నారు, చదివేవాడి కోసం కాదు.

స్కేలుపట్టీ: మరి మీరు? పాత హెడింగ్‌లో వంక కనిపిస్తే కొత్తదాంట్లో దిద్దేస్తారు. నేను దిద్దను. వంకతో సహా కలవాలి.

కంటిలెక్క: దిద్దుతాను. తప్పుని రెండుసార్లు అచ్చు వేయను.

కొత్తకలం: కొలిచాను. నాదీ 50 పాయింట్ల సైజే. తేడా 30 వచ్చింది, అంటే ట్రాకింగ్ 50. పెట్టాక ఇరుకు పోయింది. కానీ ఒకదానిమీద ఒకటి పెడితే R, A మధ్య పాతది నాదానికన్నా దగ్గరగా ఉంది.

స్కేలుపట్టీ: కెర్నింగ్ దగ్గర Auto ఉంటే Optical చేసి మళ్ళీ కొలవండి. అయినా కలవకపోతే చేత్తో సర్దినట్టే.

ఫ్లెక్స్_బావ: నేను 20 అన్నప్పుడే పెట్టుంటే ఈపాటికి ప్రింట్ అయిపోయేది.